రోడ్ల మీది చుక్కలు

ల్యాబ్ రిపోర్టు చూసి మొదలు ఎగిరింది నేనే. గగన్‌పహాడ్ వెనకున్న కాలనీ మట్టిల సీసం లేనట్టే అని వచ్చింది. వెంటనే క్యాథరిన్ అక్కకు ఫోన్ కొట్టిన.

"అక్కా, మీ కాడి మట్టి మంచిదేనంట! ఇగ పరేషాన్ కాకు" అన్న.

అవతల అక్క ఏడుస్తనే నవ్వింది. "నిజంగనా జెరూషా? దేవుడు చల్లగుండ! ఇగ మేం మా ఇంటికి పోతమే."

వాళ్ల బిడ్డ షారోన్‌కు మూడేండ్లు. ఊకె కడుపునొప్పి, తిన్నది కక్కుడు. దవాఖానల రక్తం చూసి సీసం ఎక్కువుందన్నరు. అది ఎక్కడికెళ్లి వస్తుందో తేలేదాంక పిల్లను ఆ ఇంట్ల ఉంచొద్దన్నరు. ఆ కాలనీ లేవకముందు అక్కడ పాత బ్యాటరీలు కరగబెట్టే షెడ్డు ఉండేదంట. అందుకే తల్లీ బిడ్డా మైలార్‌దేవ్‌పల్లిల మా ఇంట్ల తలదాచుకున్నరు. మార్కు బావ ఒక్కడే ఆ ఇంట్ల ఉన్నడు.

నేను చేసేది శంషాబాద్‌ల ఒక సర్వే ఆఫీసుల. ఆ కాలనీల మట్టి ఎక్కడెక్కడ తియ్యాల్నో చుక్కలు పెట్టింది నేనే. శాటిలైట్ బొమ్మ మీద కాలనీ హద్దు చుట్టూ గీత గీసి, మొదటి కొసతోటి కలిపి మూసిన. అక్షాంశ రేఖాంశాల డిగ్రీలల్ల ఉంటే దూరాలు సక్కగ రావని మీటర్ల లెక్కకు మార్చిన. అడ్డంగ నిలువుగ నలభై ఐదు మీటర్లకొక చుక్క, గళ్ల దుప్పటి లెక్క, గ్రిడ్ అంటం దాన్ని. హద్దు బయట పడ్డయన్నీ తీసేసిన. మొదటి చుక్క మాత్రం కాలనీ కమాను కింద పెట్టిన, ఫీల్డ్‌కు పోయేటోళ్లకు దొరకవట్టుడు అలకగ ఉంటదని. వాళ్లు జీపీఎస్ చూసుకుంట ఏ చుక్క కాడ ఆ మట్టి తీసి, సంచులల్ల కట్టి తెచ్చిన్రు.

ఫోన్ పెట్టేసి మా ఆఫీసు రిపోర్టుల పెట్టే మ్యాపు తయారు చేస్తున్న. చుక్కలు పెట్టిననాడు నెట్ నెమ్మదిగుందని హద్దు గీసినంక శాటిలైట్ బొమ్మ బంద్ చేసిన. ఇయ్యాల అందంగుంటదని చుక్కల కింద దాన్ని మళ్ల పెట్టిన.

మ్యాపు పెద్దగ చేసి చూసిన.

చుక్కలన్నీ రోడ్ల మీదున్నయి. ఒక్కటి కూడ ఇంటి వాకిట్ల లేదు, పెరట్ల లేదు.

ప్లాట్లన్నీ ఉత్తరం దక్షిణం మొకాలతోటి కోసిండు లేఅవుటాయన. రోడ్లన్నీ నేరుగ తూర్పు పడమర. అరవై అడుగుల ప్లాటు, దాని వీపుకు ఇంకో అరవై, తర్వాత ముప్పై అడుగుల రోడ్డు. రోడ్డు నుంచి రోడ్డుకు నూటయాభై అడుగులు. మీటర్లల్ల చూస్తే నలభై ఐదు చిల్లర. నా గడి కూడ నలభై ఐదే! కాలనీ చిన్నది, ఆ చిల్లర తేడా రోడ్డు వెడల్పుల్నే కలిసిపోయె. మొదటి వరస కమాను కింది రోడ్డు మీద పడె, మిగిలిన వరసలన్నీ దాని వెంబడే రోడ్ల మీదికే పోయె. ఆ రోడ్ల మీదున్నది ఆ నేల మట్టి కాదు. ఎక్కడికెళ్లో లారీలల్ల తెచ్చి పోసిన ఎర్ర మొరం. సంచుల ఫోటోలు తెరిచి చూస్తే అన్నీ ఎర్రగనే ఉన్నయి. అక్క వాకిట్ల మట్టి నలుపు, నాకు తెల్వదా!

అక్కకు కొట్టిన. ఎత్తలే. మళ్ల కొట్టిన. బావకు కొడితే స్విచ్ఛాఫ్. అమ్మకు కొట్టిన.

"వాళ్లు అప్పుడే ఆటో ఎక్కిరి గదనే. పిల్లకైతే కాలు నిలుస్తలేదు, మా ఇంటికి మా ఇంటికి అని" అన్నది అమ్మ.

లేచి ఉదయభాస్కర్ సార్ టేబుల్ కాడికి ఉరికిన. మా పెద్దసారు ఆయన, భీమవరం మనిషి, ఎంత కోపమొచ్చినా గారూ అనే పిలుస్తడు.

"జెరూషా గారూ, రేపు పొద్దున్నే రిపోర్టు ఇచ్చేయాలి కదండీ. ఇప్పుడు గ్రిడ్ బాగోలేదంటే ఎలాగ?"

"సార్, మనం కాలనీని చూడనేలేదు. రోడ్లు చూసి ఇండ్లు మంచిగున్నయన్నం. మా అక్క బిడ్డ ఆ మట్టిల ఆడనీకె పోయింది సార్!" నా గొంతు ఆఫీసంత ఇనపడ్డది.

సారు లేచి వచ్చి నా స్క్రీన్ చూసిండు. కళ్లద్దాలు తీసిండు, తుడుచుకున్నడు, మళ్ల చూసిండు.

"అయ్యో రామ" అన్నడు మెల్లగ. "రిపోర్టు ఆపేద్దాం. సీసం చూసే మిషన్ పట్టుకెళ్లండి. కానీ మీ అక్కగారి ఇంట్లో తవ్వేసి వచ్చేస్తానంటే కుదరదండీ. కొత్త గ్రిడ్ వేసుకునే వెళ్లండి. చుక్క మీరు పెట్టకండి, దాన్నే పడనివ్వండి."

తిట్టుకున్న గని ఆయన మాట నిజమే. అదే హద్దు తీసుకున్న. ఈసారి గళ్లను రోడ్లకు ఏటవాలుగ తిప్పిన, దూరం మార్చిన, మొదటి చుక్క ఎక్కడో కంప్యూటర్‌నే తోచినట్టు ఏరుకొమ్మన్న. హద్దు లోపలియి ఉంచి కడమయి కోసేసిన. చుక్కలు వాకిండ్లల్ల, పెరండ్లల్ల, ఖాళీ ప్లాట్లల్ల పడ్డయి, కొన్ని రోడ్డు మీద కూడ. అక్క ఇల్లు దిక్కు చూడబుద్ధి కాలే. చూస్తే ఏలు ఊకుంటదా, ఆ చుక్కను జర అటో ఇటో జరుపుతనేమోనని భయమైంది. చూడకుంటనే ఫోన్ల ఏసుకొని స్కూటీ తీసిన.

హైవే మీద లారీలు కదుల్తలేవు. నెత్తి మీదికెళ్లి ఒక విమానం దిగుతుంది, దాని చప్పుడుకు ఫోన్ మోగినా ఇనపడదని బండి పక్కకాపి చూసుకున్న. అక్క చెయ్యలే. ప్రభువా, పిల్ల ఇంట్లనే ఉండాలె, పండుకోవాలె, టీవీ చూడాలె అని గొణుక్కుంట పోయిన.

కమాను దాటినంక ఫోన్ తీసి దగ్గరున్న చుక్క చూసిన. బాణం అక్క వాళ్ల గల్లీలకే తిరిగింది. ఒక్కో ఇల్లు దాటుతున్న, మీటర్లు తగ్గుతున్నయి. పక్కింటి జంగమ్మ గేటు కాడ నిలబడి "ఏందక్కా, మంచిగుందన్నరంట గద మట్టి?" అని నవ్వింది. ఆగకుంట ముందుకు పోయిన.

బాణం అక్క ఇంటి పక్క సందుల నుంచి పెరట్లకు తీస్కపోయింది. బట్టలుతికే బండ పక్కన చుక్క.

చుక్క మీద షారోన్ కూచుంది.

కాళ్లు సాపుకొని, కొబ్బరి చిప్పల నల్లమట్టి పోసుకొని, నీళ్లతోటి కలుపుతుంది. నేను మిషన్ కింద పెట్టి ఉరికి ఎత్తుకున్న. ఇంట్లకెళ్లి అక్క ఉరికొచ్చింది.

"ఏందే, గట్ల గుంజుతవ్ పిల్లను?"

"పట్టుకో. చేతులు నోట్ల పెట్టనియ్యకు. ఇద్దరు దూరంగ, ఆ గోడ కాడికి పో."

మట్టి మీది ఆకులు తీసి సదును చేసి, మిషన్ మూతి ఆనించి మీట నొక్కిన. తెర మీద సీసం ఎంతుందో చూపే అంకె ఎక్కుకుంట పోయింది. ఆగుతదనుకున్న కాడ ఆగలే. ఇండ్ల కాడ ఇంతకు దాటొద్దని మేం పెట్టుకున్న హద్దు దాటింది, ఇంకా ఎక్కింది. మిషన్ తప్పు చూపెట్టిందేమోనని ఇంకోపారి నొక్కిన. దగ్గర దగ్గర అంతే వచ్చింది. సంచిల మట్టి నింపి కట్టిన, ల్యాబుల మళ్ల చూడాలె గదా.

"ఎంతుందే?" అన్నది అక్క గోడ కాడికెళ్లి. "జెరూషా, పొద్దుగాల నువ్వే గదనే మంచిదన్నవ్?"

"తప్పయిందక్కా" అన్న. "రోడ్లు చూసి చెప్పిన. పా, మన ఇంటికి పోదాం. ఇప్పుడే పోదాం."

అక్క పిల్లను ఎత్తుకొని నా దగ్గరికొచ్చింది. పిల్ల ఆమె చంకల నుంచి వంగి, గుప్పిట నా మొకం ముందర పెట్టింది.

"చిన్నమ్మా, బువ్వ."

ఏలు ఏలు ఇప్పి మట్టి దులిపిన. కొంగుతోటి చెయ్యి తుడిచిన. తర్వాత మూతి తుడవనీకె పోతే, పెదిమల లోపల పండ్ల మీద అప్పటికే నల్లగుంది.