ఎండ కోసిన తరుగు

మిర్యాలగూడ మిల్లు గేటు దగ్గర గుమస్తా మధుసూదన్ ఇనుప గొట్టాన్ని ట్రాలీలోని వడ్లలోకి జానెడు లోతుకే గుచ్చి తీశాడు. గింజలను తేమ కొలిచే మిషన్‌లో పోసి చూశాడు.

"ఇరవై ఒకటి. పదిహేడు దాటితే పాయింటుకు కిలో. క్వింటాలుకు నాలుగు కిలోలు తరుగు."

వడ్లు తెచ్చిన రైతు ఉప్పలయ్య నమ్మలేకపోయాడు. పాలకీడు రోడ్డు మీద రెండు రోజులు ఆ వడ్లను ఎండబెట్టారు. అతని భార్య రేణుకమ్మ మిట్టమధ్యాహ్నం వాటిని కాళ్ళతో తిరగదోసింది. పక్క చేను మల్సూర్ మాత్రం వరికోత మిషన్ కోసిన రోజే పచ్చివి తోలుకొచ్చి అమ్మేశాడు. "ఎండిన వడ్లకు తరుగు ఉండదు" అని ఆమెను ఆ ఎండలో నిలబెట్టింది తనే.

అప్పుడు గుర్తొచ్చింది. మంచులో తడిసిన చివరి కుప్పను తెల్లవారుజామున ఊడ్చి, తొందరలో పైనే పోశాడు.

"సారూ, పైన మంచు పడ్డయి. జర నడుమకెళ్ళి తియ్యుండ్రి."

"ఎనక ముప్పై ట్రాక్టర్లున్నయి పెద్దాయనా. మళ్ళ తియ్యాలంటే లైన్ల ఆఖరుకు పోవాలె. పోతవా?"

ఎవరో నవ్వారు. "మిల్లుల కాపురం పెడతడట!"

ఉప్పలయ్య బండిని వెనక్కి తిప్పించాడు. మధ్యాహ్నమంతా టైరు నీడలో కూర్చున్నాడు. తాను అడుగుతున్నది న్యాయమా, రేణుకమ్మ ముందు తన మాట నిలబెట్టుకోవడమా అన్నది అతనికే తేలలేదు.

పొద్దు వాలాక గొట్టం నడుమదాకా దిగింది. పద్దెనిమిది. తరుగు ఒక్క కిలోనే. కానీ జల్లెడ పట్టగానే అడుగున రోడ్డు ఇసుక, తాలు మిగిలాయి.

"దీనికి మూడు. మొత్తం నాలుగు."

వేబ్రిడ్జి మీద నిండు బండిని తూచి, వడ్లు దింపాక ఖాళీ బండిని తూచారు. నికరం అరవై క్వింటాళ్ళు. తరుగు రెండు వందల నలభై కిలోలు. మిగిలిన యాభై ఏడు క్వింటాళ్ళ అరవై కిలోలకు రెండు వేల మూడు వందల చొప్పున లక్షా ముప్పై రెండు వేల నాలుగు వందల ఎనభై.

"మల్సూర్‌కు ఎంత కోసిండ్రు సారూ?"

"పచ్చియి గద, నాలుగు. తాలుకు ఒకటి. ఐదు."

"నాకంటె ఒక్క కిలోనే ఎక్కువా?"

"నీవి ఎండి బరువు తగ్గినయి గద పెద్దాయనా. ఆ నీళ్ళు మేం కోసినా, ఎండ కోసినా పోయేటివే. పచ్చిగ తెస్తే ఇంకో రెండు క్వింటాళ్ళు తూగుతుండె."

ఉప్పలయ్య చీటీని నాలుగు మడతలు పెట్టాడు. గాలిలో కలిసిన ఆ రెండు క్వింటాళ్ళు ఏ చీటీలోనూ లేవు. వాటిని అక్కడికి పంపినవి రేణుకమ్మ కాళ్ళు, పంపించమన్నది తను.

ఫోన్ మోగింది.

"ఏమాయె? మన ఎండబెట్టుడు లెక్కల వచ్చిందా?" రేణుకమ్మ గొంతు అలసిపోయి ఉంది.

"వచ్చింది. తేమకు నాలుగు కోస్తమన్నకాడ ఒకటే కోసిండ్రు."

"నువ్వన్నట్టే అయింది."

తను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా అతను మడిచిన చీటీని జేబు అడుక్కి తోశాడు.

"కాళ్ళకు జర నూనె రాసుకో. వస్తున్న."