నీడ ఎడమకు పడిన పెంకు

పెళ్లయిన కొత్తలో ఆ ఇంట్లో ప్రతిదీ ఆమెకు ముద్దొచ్చేది. కాలు పెడితే కిర్రుమనే మెట్టు, ఒకే కొక్కేనికి వేలాడే రెండు గొడుగులు, రాగం తప్పి పాడుకుంటూ కెమెరా తుడిచే భర్త, అన్నీ. కింద స్టూడియో, పైన కాపురం. అతను ఫోటోలు తీస్తాడు, ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని దిద్దుతుంది. మా ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం అని అతను కనపడినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఉద్యోగం ఒకటే, బుర్ర కూడా ఇద్దరికీ కలిపి ఒకటే అని అత్తగారు నవ్వేది.

పాత గ్రంథాలయం వార్షికోత్సవ సంచిక అట్ట మీదికి ఫోటో కావాలని కార్యదర్శి అడిగినప్పుడు అతను ఎగిరి గంతేశాడు. ఆ ఒక్క ఫోటో కోసం కాదు. అది బాగుంటే ఊళ్లోని పాత కట్టడాలన్నిటినీ ఫోటోలు తీసి భద్రపరిచే పని కూడా నీకే ఇప్పిస్తానని కార్యదర్శి మాట ఇచ్చాడు. ఒకటే షరతు పెట్టాడు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. రంగు కాస్త తేటగా చేయండి, వంకర ఉంటే సరిచేయండి, అంతే.

భవనం ముందువైపు అందరూ తీసేదే. అతను ఎదురు సందులోని మేడ ఎక్కి, ఎవరూ చూడని వెనక వాలు తీశాడు. ఉదయపు ఎండ ఎడమవైపు నుంచి ఏటవాలుగా పడుతోంది. ఎర్రపెంకుల మధ్య గట్లు ఒక్కొక్కటీ తమ కుడిపక్కన సన్నటి నీడ పరుచుకున్నాయి. చూరు కింద పొడుగాటి కిటికీ, దాని గాజుల్లో వేపకొమ్మ. అంత అందంలోనూ రెండు లోపాలు. కప్పు నడుమ నాలుగైదు పెంకులు లేక నల్లటి బొక్క. కిటికీలో కింది గాజు పగిలి, మిగిలిన ముక్క కోరలా నిలబడింది.

ఆమె మొదట రంగే తేటపరిచింది. తర్వాత బొక్క వైపు చూసింది. మూతిలో ఒక పన్ను లేని పసివాడి నవ్వులా ఉంది. చేయి ఊరుకోలేదు.

అదే వరుసలోని మంచి పెంకుల్ని తీసుకుంది. పైవరుసవి తీసుకుంటే చిన్నవైపోతాయి, కింది వరుసవి పెద్దవైపోతాయి, కప్పు వాలు చెడుతుంది. ఒకే పెంకును పదే పదే అతికిస్తే నాచుమచ్చలన్నీ ఒకేలా వచ్చి దొంగ దొరికిపోతాడు. అందుకని ఒకదాని అంచు, ఇంకోదాని మచ్చ, మరోదాని మసి కలిపింది. పెంకు పెదవి కింద నీడగీత పక్క పెంకుల గీతతో కలిసేలా సరిచూసుకుంది. కొత్తగా అతికించిన చోట ఫోటోలోని సన్నటి గరుకుతనం తగ్గితే మెరిసినట్టు కనిపిస్తుందని అది కూడా కలిపింది.

గాజు దగ్గర ఇంకా ముచ్చటపడింది. పాత గాజు నీళ్లలా కాస్త అలలు తిరిగి ఉంటుంది. అందులో కొమ్మ నిటారుగా కనిపిస్తే కొత్త గాజని ఇట్టే తెలిసిపోతుంది. కిటికీ అవతలి చివరున్న గాజును తీసుకుని, అలలు అలాగే ఉంచి, పైగాజులో ఆగిపోయిన కొమ్మ కింద కొనసాగేలా జరిపి, చెక్క అంచు వెంట సన్నటి చీకటిగీత గీసింది. అంతలో మెట్ల మీద నుంచి భర్త పిలుపు. గాలికి అలా నడిచి వద్దాం, తొందరగా రా అని. ఆమె దిద్దుబాట్లు విడివిడిగా ఉన్న పొరలన్నీ కలిపేసి, అసలు ఫోటో పేరు మీదే దాచేసి, చెప్పులేసుకుని పరుగెత్తింది. తిరిగొచ్చాక చూపిస్తే అతను కళ్లు చిట్లించి వెతికాడు, ఎక్కడ దిద్దావో పట్టుకోలేకపోయాడు. గ్రంథాలయం వాళ్లకు చెప్పొద్దులే, అట్ట ఎంత బాగుందో చూసుకుని మురిసిపోతారు అన్నాడు. మర్నాడు కెమెరా కార్డు చెరిపి ఎవరిదో పుట్టినరోజుకి ఫోటోలు తీయడానికి వెళ్లిపోయాడు.

సంచిక అచ్చయింది. తర్వాత వాన కురిసింది.

గ్రంథాలయం పై గదిలో పుస్తకాల బీరువా మీద ధారగా నీళ్లు పడ్డాయన్న వార్త స్టూడియోకి వచ్చిన మనిషెవరో చెప్పాడు. దానికంటే ముఖ్యమైన సంగతి తర్వాత చెప్పాడు. పెంకులు పగలగొట్టింది పిల్లి బాబాయేనని తేలిందట.

పిల్లి బాబాయ్ అంటే ఆ భవనం చూర్ల వెంట తిరిగి, నీళ్లు పోయే కాలువల్లో ఆకులు తీసే మనిషి. కప్పు మీద చప్పుడు కాకుండా నడుస్తాడని ఆ పేరు. వానకు ముందు ఎక్కింది అతనొక్కడే. పెంకులు ముందే లేవు, నేను నోటితో చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు అన్నాడట. కార్యదర్శి సంచిక అట్ట అతని ముందు పెట్టాడట. నువ్వు ఎక్కకముందు తీసిన ఫోటో ఇది, ఇందులో బొక్క ఎక్కడుందో చూపించు అన్నాడట. పాపం, అట్ట చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడట. వారం చివర్లో కమిటీ కూర్చుని అతన్ని తీసేస్తుందట.

ఆ మనిషి మెట్టు దిగగానే ఆమె స్టూడియో తలుపు మూసేసింది. భర్తకు చెప్పింది. అతను తుడుస్తున్న కెమెరా పక్కన పెట్టాడు.

"చెప్తే ఏమవుతుందో నీకు తెలుసుగా," అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు అన్నాడాయన. ఇక ఊళ్లో ఏ గోడ ఫోటో మన చేతికిస్తాడు?"

"బాబాయ్ చేతిలో మాత్రం ఏముంటుందండీ?"

అతను లేచి పాత కార్డుల డబ్బా దించాడు. అతని మొహంలో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది. అసలు ఫోటో ఉంటే చూపించి బొక్క ముందే ఉందని రుజువు చేయొచ్చని ఇద్దరూ కార్డులన్నీ, డబ్బాలన్నీ గాలించారు. లేదు. ఆమె దాచిన పేరు కింద ఆమె పెంకులే ఉన్నాయి. కెమెరా నిండా ఎవరో పిల్లవాడు కొవ్వొత్తి ఊదుతున్నాడు. పెళ్లయ్యాక మొదటిసారి ఆ రాత్రి ఇద్దరూ చెరోవైపు తిరిగి పడుకున్నారు. తెల్లారాక అతనే చొక్కా వేసుకుని, పద అన్నాడు.

కార్యదర్శి వాళ్లను ఆదరంగానే కూర్చోబెట్టాడు. ఆమె చెప్పింది విన్నాడు. అట్టను కళ్లజోడు పైకి జరిపి ఒకసారి, కిందికి జరిపి ఒకసారి చూశాడు. తర్వాత నవ్వాడు.

"అమ్మాయ్, నీది మంచి మనసు. ఆ ముసలాయన మీద జాలిపడి నీ మీద వేసుకుంటున్నావు. ఇది అతికించింది అంటే నా మనవడు కూడా నమ్మడు."

ఆమెకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. తన పని ఇంత బాగుందని ఎవరైనా అనాలని ఎన్నాళ్లనుంచో కోరిక. అన్నవాడు ఇలా అనాలా? దిద్దిన ఫైల్ తెరిచి చూపిస్తానంది. అందులోనూ పొరలు కలిసిపోయి ఉన్నాయి, అట్ట మీద ఉన్నదే కనిపిస్తుంది. గాజు సంగతి వివరించింది. గాజు గాజులాగే ఉంది కదమ్మా అన్నాడాయన. భర్త, బొక్క నేను కళ్లారా చూశానండీ అన్నాడు. భార్యాభర్తలు ఒకే మాట మీద ఉండటం మంచిదేనని ఆయన ఇంకా మెత్తగా నవ్వాడు.

వాళ్లను పంపించేస్తూ, కమిటీ రేపు పొద్దున్నే అని గుర్తుచేశాడు.

స్టూడియోకి వచ్చి ఆమె ఫోటోను తెర నిండా పరిచింది. ఎప్పుడూ తప్పులు దాచడానికే చూసిన కళ్లు ఈసారి తప్పు దొరకాలని చూస్తున్నాయి. ఒక్కో పెంకునీ పెద్దది చేసింది. ఒకే మచ్చ రెండుచోట్ల ఉందేమోనని వెతికింది. లేదు. జాగ్రత్తపడింది కదా, కలిపింది, మార్చింది, తిప్పింది.

తిప్పింది.

మచ్చలు ఒకేలా కనపడకూడదని ఒక పెంకును అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిరగేసి పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కప్పు మీది గట్లన్నీ కుడివైపు నీడ వేస్తున్నాయి. బొక్క ఉన్నచోట నడిమి పెంకు గట్టు మాత్రం ఎడమవైపు నీడ వేసుకుని, నాచు చాటున కూర్చుని ఉంది. ఇంత చిన్న గీత. ఎండ ఒక్క పెంకు కోసం వెనక్కి తిరిగినట్టు.

ఆమె కుర్చీలోంచి లేచి, "ఏమండీ" అని కేకేసింది. అతను పరుగున వచ్చి చూసి, ఆమె తల మీద చేయి వేసి నవ్వాడు. ఇంత పెద్ద తప్పు చేసినందుకు మురిసిపోయిన భార్యాభర్తలు ఇంకెవరూ ఉండరేమో.

మర్నాడు కమిటీ ముందు ఆమె ఆ భాగాన్ని బల్ల అంత పెద్దగా అచ్చువేసి పెట్టింది. పెన్సిలుతో ఒక్కో నీడనీ తాకుతూ పోయింది. కుడి, కుడి, కుడి, కుడి. తర్వాత పెన్సిలు ఆపి కార్యదర్శి చేతికిచ్చింది. ఆయన నడిమి పెంకు దగ్గరికి వంగాడు. నవ్వు తగ్గింది. ఆ ఫోటోను ఆయన ఎంతమందికి గర్వంగా పంచాడో ఆ మొహంలో కనిపించింది.

"మిగతావి?"

"దీంతో కలిపి ఐదూ నావేనండీ. కిటికీ కింది గాజు కూడా."

పిల్లి బాబాయ్‌ని తీసేయాలన్న మాట ఆ రోజుతో పోయింది. భర్తకు ఇస్తానన్న పని కూడా పోయింది. కార్యదర్శి కోప్పడలేదు. మీ చేతి ఫోటో ఏది చూసినా ఇక నేను నీడలే వెతుకుతాను, అది మీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు అన్నాడు.

బయట వరండాలో పిల్లి బాబాయ్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమె క్షమించమంది. అతను ఆ పెద్ద అచ్చును అడిగి తీసుకుని, చేయి చాచి దూరంగా పట్టుకుని చూశాడు.

"బాగానే వేశావమ్మా. నేను వేసినా ఇంత వరస రాదు." కాగితం తిరిగి ఇచ్చేశాడు. "నాలుగు రోజులు నాకే అనుమానం వచ్చింది. నేనే తొక్కానేమో, మర్చిపోయానేమో అని. ఇంట్లోవాళ్లు కూడా అడిగారు."

అతను నిచ్చెన భుజానికెత్తుకుని వెనకవైపు వెళ్లిపోయాడు, చప్పుడు లేకుండా.

ఆ సాయంత్రం భర్త మళ్లీ ఎదురు మేడ ఎక్కి, అచ్చయిన సంచికకు సవరణ కాగితంగా చేర్చడానికి అదే ఫోటో తీశాడు, వాన మబ్బు కింద, బొక్కతో, కోర గాజుతో. ఆమె తెర మీద తెరిచింది. ముందుగా ఒక నకలు తీసి వేరే పేరుతో దాచింది. రంగు తేటపరిచింది. ఆ నల్లటి బొక్క దగ్గర చేయి ఆగింది. భర్త వెనక నిలబడి ఉన్నాడు, పాడటం లేదు.

"వదిలెయ్," అన్నాడు.

"వదిలేశానండీ," అంది. కానీ చేయి వెనక్కి రావడానికి కాస్త సమయం పట్టింది.