కర్ల్ ఉందిగా!

ఆఫీసులో అందరూ అతన్ని రూట్ బాబు అనేవారు. నగరానికి తాగునీరు పంపే ఆ సంస్థలో సర్వర్లన్నీ అతని చేతి కిందే ఉండేవి. వాటిలో ఏది ఎక్కించాలన్నా, ఏది తీసెయ్యాలన్నా రూట్ పాస్‌వర్డ్ కావాలి. అది అతనొక్కడికే తెలుసు. ఎవరైనా వచ్చి "బాబూ, ఈ ఒక్కటీ ఎక్కించి పెట్టవా" అని బతిమాలితే తెర మీంచి చూపు తిప్పకుండానే "మెయిల్ పెట్టండి" అనేవాడు. ఆ మాట అనడంలో ఏదో తృప్తి ఉండేది.

అదే ఆఫీసులో, పై అంతస్తులోని నీటి పరీక్షల విభాగంలో అతని వదిన పనిచేసేది. అంటే భార్యకు సొంత అక్క. లెక్కల మనిషి. పంపు స్టేషన్ల నుంచి వచ్చే క్లోరిన్ అంకెలన్నీ ఒకచోటికి తెచ్చి, ఎక్కడ ఏ తేడా వస్తోందో కనిపెట్టే ప్రోగ్రాం ఆమె స్వయంగా రాసుకుంది. గణాంకాల వాళ్ళు వాడే ఆర్ అనే భాషలో. క్లోరిన్ మరీ పడిపోతే స్టేషన్లో అలారం ఎలాగూ మోగుతుంది. కానీ రోజుకు రవ్వంత చొప్పున, ఎవరి కంటికీ ఆనకుండా తగ్గుతూ వస్తే అలారానికి తెలియదు. ఆమె ప్రోగ్రాంకి తెలుస్తుంది.

అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో "వదినగారి సిఫార్సేలే" అని ఎవరో క్యాంటీన్లో అన్నారు. నిజానికి పరీక్ష రాసి వచ్చినవాడు. ఆ మాట ముల్లులా దిగింది. అప్పటి నుంచి నలుగురి ముందు ఆమెతో కావాలని బెట్టుగా ఉండేవాడు. ఇంటి దగ్గర "వదినా, మీ చేతి కాఫీ" అనే మనిషి, ఆఫీసులో "మేడమ్, మెయిల్ పెట్టండి" అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

పాత సర్వర్ ముసలిదైపోయింది. అతను దాన్ని ఆపేసి, కొత్త మిషన్ మీద లైనక్స్ శుభ్రంగా ఎక్కించాడు. అనవసరమైనది ఒక్కటీ లేకుండా కడిగిన పళ్ళెంలా ఉంచానని మురిసిపోయాడు. ఆర్ కూడా ఎక్కించి, ఇక మీ ప్యాకేజీలు మీరు తెచ్చుకోండి అని అందరికీ చెప్పాడు.

వదిన ప్రోగ్రాంకి ముఖ్యంగా రెండు ప్యాకేజీలు కావాలి. స్టేషన్ల అంకెలు వెబ్ నుంచి తెచ్చేది ఒకటి, దాని పేరు కర్ల్; లైనక్స్‌లో అదే పేరుతో ఉండే కర్ల్ లైబ్రరీ మీద అది ఆధారపడుతుంది. ఆ అంకెలు ఎక్స్ఎంఎల్ రూపంలో వస్తాయి కాబట్టి వాటిని విడదీసి చదివేది మరొకటి. రెండూ ఎక్కలేదు. వాటి మీద ఆధారపడ్డ మిగతావీ వరసగా బోల్తా కొట్టాయి. ఆమె తెర మీద పడ్డదంతా మొదటి నుంచి చివరిదాకా కాపీ చేసి, "హెడర్ ఫైళ్ళు లేవంటోంది, అవి ఎక్కించాలంటే రూట్ కావాలి, కాస్త చూడండి మరిదిగారూ" అని మెయిల్ పెట్టింది. అతను ఆఖరి వరస ఒక్కటే చదివాడు. 'ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాలేదు' అని ఉంది. ఇదేదో ప్యాకేజీ గోలే అనుకుని వదిలేశాడు. ఆమె మళ్ళీ రాసింది. మళ్ళీ వదిలేశాడు.

చివరికి సంగతి వారం మీటింగులోకి వచ్చింది. చీఫ్ ఇంజనీరు బల్ల చివర కూర్చుని, "ఏంటమ్మా, క్లోరిన్ రిపోర్టు రావట్లేదు?" అని అడిగాడు.

"కొత్త సర్వర్లో లిబ్‌కర్ల్ హెడర్లు, అంటే కర్ల్ లైబ్రరీ హెడర్ ఫైళ్ళు, లేవు సార్. అవి లేకపోతే ప్యాకేజీ కంపైల్ అవ్వదు" అంది వదిన.

గదిలో ఉన్న తలలన్నీ రూట్ బాబు వైపు తిరిగాయి. క్యాంటీన్ మాట మళ్ళీ గుచ్చుకుంది. ఇప్పుడు ఊరుకుంటే వదినకి భయపడ్డాడంటారు. ల్యాప్‌టాప్‌ని గోడ మీది పెద్ద తెరకి తగిలించాడు.

"కర్ల్ లేదంటున్నారా మేడమ్? చూడండి." టకటకా కొట్టాడు. సర్వర్లోని కర్ల్ ప్రోగ్రాం తన వెర్షన్ నంబరుతో సహా గోడ మీద ప్రత్యక్షమైంది. "ఉందిగా! ఇంతకంటే ఏం కావాలి? ఇంటర్నెట్లో ఊరికే దొరికే ప్యాకేజీలు తెచ్చి, అవి పనిచెయ్యకపోతే సర్వర్‌ని తిడితే ఎలా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వదిన "అది వేరు, ఇది..." అని మొదలుపెట్టింది.

"కళ్ళ ముందు కనిపిస్తుంటే వేరేంటి మేడమ్?"

 ఆమె పెన్నుకి మూత పెట్టుకుంది. చీఫ్ ఇంజనీరు గడియారం చూసుకుని, ప్రోగ్రాం సంగతి తేలేదాకా ఆమెను శాంపిల్ సీసాలు తీసుకునే కౌంటర్లో సాయం చెయ్యమన్నాడు. "బాబూ, ఆ ప్యాకేజీ పనికిరాదని నాలుగు ముక్కలు రాసివ్వు. బయట ఏదైనా కొందాం" అన్నాడు.

ఆ ఆదివారం ఎప్పటిలా వదిన అతనింటికి రాలేదు. "తలనొప్పి అందండీ అక్క" అంది భార్య. "ఆఫీసులో ఏమైనా జరిగిందా?"

"ఏముంటుంది, పని" అన్నాడతను.

కొన్నాళ్ళు పోయాక చీఫ్ అడిగిన నోట్ రాయడానికి కూర్చున్నాడు. ఊరికే పనికిరాదంటే బాగుండదు, తప్పెక్కడుందో సాక్ష్యంతో చూపించి నోరు మూయించాలి అనిపించింది. తనే ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చెయ్యబోయాడు. విఫలమైంది. సాక్ష్యం కోసం పై నుంచి చదవడం మొదలుపెట్టాడు.

అంతా పైనే ఉంది. లిబ్‌కర్ల్ దొరకలేదు, కాన్ఫిగరేషన్ ఆగిపోయింది అని ఉంది. ఆ కింద, మీది ఈ రకం లైనక్స్ అయితే ఇది ఎక్కించి చూడండి అంటూ చివర 'డెవ్' తోక ఉన్న పేరు కూడా ఉంది. అక్షరం అక్షరం వదిన చెప్పిందే. ఆమె పంపిన మెయిల్లో కూడా ఇదే ఉండి ఉంటుంది. తెరిచి చూశాడు. ఉంది.

చెవులు వేడెక్కాయి. తెలియని సంగతైతే అదొక దారి. ఇది తనకు చదువుకునే రోజుల్లోనే వచ్చిన పాఠం. కర్ల్‌ని నడపాలంటే తయారై ఉన్న లైబ్రరీ చాలు. దాన్ని ఆధారం చేసుకుని కొత్త ప్రోగ్రాం కంపైల్ చెయ్యాలంటే, అందులో ఏ ఫంక్షన్ ఎలా పిలవాలో చెప్పే హెడర్ ఫైళ్ళు కావాలి. అవి విడిగా, డెవ్ ప్యాకేజీలో వస్తాయి. వండిన అన్నం చూపించి బియ్యం ఉన్నాయని వాదించినట్టు, తను గోడ మీద వెర్షన్ నంబరు చూపించాడు. అదీ నలుగురి ముందు.

రూట్ పాస్‌వర్డ్ కొట్టి ఆ డెవ్ ప్యాకేజీ ఎక్కించాడు. కంపైలర్ వరసలు జలజలా దిగిపోయాయి. కర్ల్ ఎక్కింది. రెండోది ఎక్స్ఎంఎల్ హెడర్ల దగ్గర ఆగింది. దాని డెవ్ కూడా ఎక్కించాడు. అదీ ఎక్కింది. కాఫీ చల్లారేలోపు అయిపోయే పని. మనిషిని సీసాల కౌంటర్లో నిలబెట్టింది ఇంత పనికా!

వదిన ప్రోగ్రాం నడిపి చూశాడు. స్టేషన్ల గీతలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. అన్నీ నిలకడగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. తూర్పు స్టేషన్ గీత దిగుతూ వస్తోంది. అలారం మోగేంత కాదు. కానీ దిగుతోంది. కింద ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక.

ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా ల్యాప్‌టాప్ తీసుకుని చీఫ్ గదికి పరిగెత్తాడు. చీఫ్ చూసి, వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేశాడు. క్లోరిన్ కలిపే పంపు ట్యూబులో మడ్డి పేరుకుని, ధార సన్నబడిందని వాళ్ళు చూసి చెప్పారు. చీఫ్ ఫోన్ పెట్టేసి అతని భుజం తట్టాడు.

"శభాష్ బాబూ! మొత్తానికి నడిపించావే. ఏం చేశావు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "చిన్న అప్‌డేట్ సార్" అన్నాడు.

అంటూ తలెత్తితే గుమ్మంలో వదిన, చేతుల్లో సీసాల ట్రే. అంతా విన్నది. అతని మొహం చూడలేదు. తెర వైపు చూసి, "ఎప్పటి నుంచి దిగుతోంది?" అని అడిగింది.

"మీటింగు జరిగిన మర్నాటి నుంచి" అన్నాడు. 

ఆమె ట్రే బల్ల మీద పెట్టింది. "ఆ లైను చివర గట్టు మీది కాలనీ ఉంది సార్. క్లోరిన్ అక్కడికి చేరేసరికి ఇంకా తక్కువవుతుంది. నీళ్ళు మరగబెట్టుకోమని ఇప్పుడే చెప్పించాలి."

చీఫ్ ఫోన్ అందుకోబోయాడు. అప్పుడు రూట్ బాబు నోరు తెరిచాడు. "సార్, ఒక్క మాట. అప్‌డేట్ కాదు. వదిన... మేడమ్ చెప్పినవే లేవు. హెడర్లు. నేను మెయిల్ చదవలేదు. ఆ రోజు గోడ మీద చూపించింది తప్పు. ఈ గీత ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడకపోవడానికి కారణం నేనే."

చీఫ్ ముందు ఫోన్ చేసి, కాలనీకి వెళ్ళడానికి జీపు సిద్ధం చెయ్యమన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "ఈ మాట మీటింగులో అందరి ముందూ చెప్పు. ముందు జీపెక్కు" అన్నాడు.

గట్టు మీది కాలనీలో మెట్ల వీధులు. వదినా అతనూ చెరో వైపు తలుపులు తట్టుకుంటూ వెళ్ళారు. ఒక ఇంట్లో పిల్లవాడు మంచం మీద తోటకూర కాడలా వాడిపోయి పడుకుని ఉన్నాడు. పక్కన గ్లాసులో ఉప్పు పంచదార నీళ్ళు. తల్లి గుమ్మంలోకి వచ్చింది.

"నీళ్ళాఫీసు వాళ్ళా? వీడికి మొన్నటి నుంచి విరేచనాలు. పక్కింటి పాపకీ అంతే. నీళ్ళలో ఏదైనా ఉందా?"

 ఎదురు మెట్ల మీంచి వదిన వచ్చి, "నీళ్ళవల్లో కాదో పరీక్ష చేస్తే గానీ తెలీదమ్మా. ఇవాళ్టి నుంచి మరగబెట్టి తాగించండి. బాబుని డాక్టరుకి చూపించండి. ముందే చెప్పాల్సింది, మా దగ్గరే ఆలస్యమైంది" అంది.

మా దగ్గర. ఆ ఆలస్యంలో ఆమె కూడా ఒక భాగమైనట్టు. ఆమె ఆ మీటింగులో తిట్టి ఉన్నా అతనికి అంత తగిలేది కాదు.

"ఆలస్యం ఆమెది కాదమ్మా, నాది" అన్నాడు. తల్లికి ఆ తేడాతో పనిలేదు. లోపల పిల్లవాడు పిలిస్తే వెళ్ళిపోయింది.

పిల్లలు వారంలో లేచి తిరిగారు. నీళ్ళ వల్లేనా, మరేదైనానా అన్నది పరీక్షల్లోనూ తేలలేదు. తేలకపోవడం అతనికి ఊరట కాలేదు. మీటింగులో అందరి ముందూ చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను ఎదురుచూసిన తిట్టు కూడా ఎవరూ తిట్టలేదు. వదిన తన పనికి తను వెళ్ళిపోయింది.

మెట్ల దగ్గర ఆమెను ఆపాడు. "వదినా, మిమ్మల్ని నలుగురిలో..."

"నన్నన్నందుకు కాదు నా బాధ మరిదిగారూ" అంది ఆమె. "ఇంట్లో నా మాట వింటారు కదా, ఆఫీసులోనూ వింటారనుకున్నాను. అంతే."

ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. అతను అక్కడే, రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. కింద నుంచి ఎవరో "రూట్ బాబూ!" అని పిలుస్తున్నారు. ఆ పేరుకి పలకాలంటే సిగ్గేసింది.