గూటికి ఎంత దూరం

ఫొటో క్లబ్బులో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. కెమెరాలు అద్దెకిచ్చే దుకాణంలో లెన్సులు విప్పి, తుడిచి, సరిచేసి బిగించడం ఆమె పని. ఏటా జరిగే పక్షుల ఫొటోల పోటీలో గెలిచిన ఫొటో అసలు ఫైలును తనిఖీ చేసే బాధ్యత కూడా ఆమెదే. ఇన్నేళ్ళలో ఆ పనిలో ఆమెకు తలనొప్పి రాలేదు. ఈసారి మొదటి బహుమతి సొంత బాబాయికి వచ్చింది.

చిన్నప్పుడు ఆమె చేతికి మొదట కెమెరా ఇచ్చింది ఆయనే. అందుకే గోడమీద తెరపై ఆ బొమ్మ పడగానే ఆమె ఛాతీ ఉప్పొంగింది. గూట్లో మూడు పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కో ఈక లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆకలితో ఎలా అరుస్తున్నాయో చూడండి!" అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు.

కొలతలమ్మ చప్పట్లు సగంలో ఆగాయి. ఫొటోలో ఎండ పిల్లల వీపుల మీద నిట్టనిలువుగా పడుతోంది. పొదలో కట్టిన గూటిమీద ఒక్క ఆకు నీడైనా లేదు. ఆ నోళ్ళు తెరుచుకున్నది ఆకలికి కాదేమో, వేడికి రొప్పుతున్నాయేమో అనిపించింది.

పోటీ నియమం ఒక్కటే: గూటికి పదిహేను మీటర్లకన్నా దగ్గరికి పోకూడదు. ఫారంలో బాబాయి పదహారు అని రాశాడు. ఫైలు తెరిచి చూస్తే లెన్సు రెండువందల మిల్లీమీటర్లు, కెమెరా చిన్న సైజు క్రాప్ సెన్సర్‌ది. బొమ్మ ఎక్కడా కత్తిరించలేదు. అడ్డంగా ఆరువేల పిక్సెల్ చుక్కలుంటే గూడు ఒక్కటే రెండువేలు ఆక్రమించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె నీళ్ళ పంపుహౌస్ వెనకున్న ముళ్ళపొద దగ్గరికి వెళ్ళింది. చోటు ఎక్కడో బాబాయే గొప్పగా చెప్పాడు. పొదకు ఒకవైపు కిటికీ తెరిచినట్టుంది. కొమ్మల్ని ఏటవాలుగా, నున్నగా కత్తిరించారు. కింద ఆకులు వాడి పడున్నాయి. ఆ సందులోంచి చూస్తే గూడు వీధిలోకి తీసుకొచ్చి పెట్టినట్టు నగ్నంగా కనిపించింది.

గూట్లో ఒక పిల్ల ఉంది. ఉంది అనడం కూడా తప్పే. కళ్ళ చోట చీమలు బారులు తీరాయి. వాసన ముక్కుకు తగిలి ఆమె వెనక్కి తిరిగి కక్కుకుంది. మిగతా రెండింటినీ కాకి గానీ పిల్లి గానీ ఎత్తుకుపోయి ఉంటుంది. తల్లిపిట్ట చుట్టుపక్కల ఎక్కడా లేదు. చాలాసేపు ఎదురుచూసి, చచ్చిన పిల్లను మట్టిలో కప్పి, గూటిని అట్టపెట్టెలో పెట్టుకుని టేపుతో కొలిచింది. వెడల్పు ఎనిమిది సెంటీమీటర్లు.

ఆదివారం తుది సమావేశానికి క్లబ్బులో పదిమంది పోగయ్యారు. బాబాయి తెల్ల చొక్కా వేసుకుని, మెడలో అదే కెమెరా తగిలించుకుని వచ్చాడు.

"ఏమ్మా, నా ఫైలు చూశావా?"

"చూశాను బాబాయ్. గూటికి ఎంత దూరంలో నిలబడ్డారు?"

"రాశాను కదా, పదహారు మీటర్లని."

"రెండువందల లెన్సుతో ఇంత పెద్దగా ఎలా వచ్చింది?"

బాబాయి నవ్వి అందరివైపూ తిరిగాడు. "నాకే పాఠం చెబుతోంది మా అమ్మాయి! నాది క్రాప్ కెమెరా. క్రాప్ ఫ్యాక్టర్ ఒకటిన్నర. రెండువందలు పెడితే మూడువందలై కూర్చుంటుంది. దూరాన్ని దగ్గరకు లాక్కొస్తుంది."

నలుగురు తలలూపారు. కొలతలమ్మ ఊపలేదు.

"లాక్కురాదు బాబాయ్. లెన్సు రెండువందలు రెండువందలే. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు ముప్ఫై ఆరు మిల్లీమీటర్లు, మీదేమో ఇరవై మూడున్నర. ఒకే లెన్సు వేసిన బొమ్మలోంచి మీది మధ్య ముక్కనే తీసుకుంటుంది. చుట్టూ కత్తిరించుకుపోతుంది కాబట్టి మూడువందల లెన్సు చూపినంతే కనిపిస్తుంది. అంతే. ఆ ఒకటిన్నర లెక్కేసుకున్నా మీ మాట నిలబడదు."

"మాటలెందుకు?" అన్నాడు అధ్యక్షుడు విసుగ్గా.

"సరే, చేసే చూద్దాం."

వరండాలో పొడుగాటి నడవా ఉంది. ఒక చివర స్టూలు మీద అట్టపెట్టెలోంచి తీసిన గూడు పెట్టింది. దాన్ని చూడగానే బాబాయి ముఖం పాలిపోయింది. ఆయన కెమెరానే, ఆయన లెన్సునే అడిగి ట్రైపాడ్‌కు బిగించింది. టేపు పరిచి పదిహేను మీటర్ల దగ్గర నిలబెట్టింది.

అందరూ కెమెరా వెనకనున్న తెర మీదికి వంగారు. స్టూలు, గోడ, కిటికీ చట్రం, వీటి మధ్య గూడు ఎక్కడో గోధుమరంగు మరకలా ఉంది.

"ఈ దూరంలో దీనికి మీటరుముప్పావు వెడల్పు కనిపిస్తుంది," అంది ఆమె. "ఎనిమిది సెంటీమీటర్ల గూడు అందులో ఇరవైరెండో వంతు. ఫొటోలో మూడోవంతు ఉంది."

ట్రైపాడ్ ఎత్తి ముందుకు నడిచింది. పది మీటర్లు. ఐదు. మూడు. గూడు తెరలో మూడోవంతుకు వచ్చినచోట ట్రైపాడ్ దించింది. అధ్యక్షుడే వంగి టేపు చదివాడు.

"రెండు మీటర్లు... ఒక నాలుగు సెంటీమీటర్లు."

"దగ్గర్లో కొన్ని లెన్సులు దూరాన్ని జానెడు అటూఇటూ చూపిస్తాయి. పధ్నాలుగు మీటర్లు తేడా చూపించవు," అంది కొలతలమ్మ. "రెండు మీటర్ల నుంచి కనబడాలంటే కొమ్మలు నరకాలి. నరికారు. ఎండకు పిల్లలు రొప్పుతుంటే ఫొటో తీశారు. తర్వాత ఏమైందో నేను చూశాను. చీమలు తింటున్నాయి బాబాయ్."

బాబాయి కెమెరాను ట్రైపాడ్ మీంచి విప్పుకుంటూ అన్నాడు, "అబ్బ, దానికింత రాద్ధాంతమా? పిట్టలు మళ్ళీ పెడతాయిలే గుడ్లు."

ఆ మాట అన్న గొంతు ఎంత మామూలుగా ఉందో! టీ చల్లారిందిలే, ఇంకోటి పెట్టు అన్నట్టు ఉంది. అప్పటిదాకా ఆమెలో ఎక్కడో దాక్కున్న జాలి ఆ క్షణాన చచ్చిపోయింది. చిన్నప్పుడు తన చెయ్యి పట్టుకుని బటన్ నొక్కించిన వేళ్ళు అవే కదా అని గుర్తొచ్చి, తన అరచేతిని చీరకు తుడుచుకుంది.

అంతకన్నా రోత పుట్టించేది తర్వాత జరిగింది. అధ్యక్షుడు ఆమెను పక్కకు పిలిచి, "సాంకేతిక కారణాల వల్ల ఉపసంహరించామని రాద్దాం. పెద్దాయన పరువు కదా," అన్నాడు. ఇంకొక సభ్యుడు మెట్లమీద బాబాయి వెంటపడి, కొమ్మలు కోసే అలాంటి కత్తెర ఎక్కడ దొరుకుతుందని గుసగుసగా అడుగుతున్నాడు. ఆమె చెవిన పడింది.

"సాంకేతిక కారణం కాదండీ," అంది కొలతలమ్మ. "గూడు చుట్టూ కొమ్మలు నరికి, దూరం అబద్ధం రాసినందుకని రాయండి. లేకపోతే తనిఖీ కాగితం మీద నా సంతకం ఉండదు. ఎందుకు లేదని అడిగిన ప్రతివాళ్ళకూ నేనే చెబుతాను."

ఆయన పళ్ళు నూరుకుంటూ రాశాడు. నోటీసుబోర్డుమీద ఆ కాగితం మూడువారాలుంది. చదివినవాళ్ళలో సగంమంది ఆమెతో మాట్లాడటం మానేశారు.

ఆ కాగితం అతికించిన వారం తిరక్కుండానే పిన్ని దుకాణానికొచ్చింది. కౌంటరుకు అటువైపు నిలబడింది. తిట్టడానికి వచ్చిందనుకుంది కొలతలమ్మ.

"కొమ్మలు కోసిన ఆ కత్తెర నాదేనే," అంది పిన్ని. "పూలకుండీల కోసం కొన్నది. ఆకుల జిగురుతో తెచ్చి గట్టుమీద పడేస్తే నేనే కడిగాను. ఎందుకని అడగలేదు."

"అడిగుంటే చెప్పేవాడా పిన్నీ?"

"చెప్పేవాడు. నవ్వుతూ చెప్పేవాడు. అందుకే అడగలేదు."

కొలతలమ్మ పిన్నికి కుర్చీ వేసి, లోపలినుంచి మంచినీళ్ళు తెచ్చింది. పిన్ని గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. తన చేతుల్ని తానే వాసన చూసుకుంటూ కూర్చుంది.