ముంచు కాదు, వంచు

శివలీల టీచరుకు ఆ పొద్దు కాలు ఒకచోట నిలవలేదు. అంగన్‌వాడీ సెంటర్లో పదిహేడు మంది పిల్లోళ్ళకు పదకొండు మందే వచ్చినారు. మిగతా ఆరుమందికి వారం దినాలుగా వాంతులు, విరేచనాలు. ఊరి ట్యాంకు నీళ్ళు పరీక్షకు పంపితే బాగుండాయని రాసిచ్చినారు. కోడిగుడ్లు చూసుకునింది, పప్పు చూసుకునింది, వంటపాత్రలు తనే తోమింది. అన్నీ బాగుండాయి. మరి ఆ జబ్బు యాడినుంచి వస్తాందో ఆమెకు అంతు పట్టడంలేదు.

పైగా సాయంత్రం నాలుగు గంటలకు బండి వస్తాది. మిరప కోతలకని ఊర్లో సగం మంది సంసారాలతో సహా గుంటూరు దిక్కు పోతాండారు. మూడు నెలల దాకా రారు. నల్లబండలో ఇది ఏటేటా ఉండేదే, కానీ ఈసారి జబ్బు పడి లేచిన పిల్లోళ్ళు కూడా ఆ బండి ఎక్కబోతాండారు.

ఈ గందరగోళంలో ఒక్కటి మాత్రం ఆమెకు ఓదార్పుగా ఉండాది. అది ఆమె రాసిన చేతులు కడిగే పాట. పై ఆఫీసు నుంచి పంపించిన పాట, పుస్తకం భాషలో ఉంటే ఈ పిల్లోళ్ళ నోరు తిరగలేదు. అందుకని తనే కూర్చుని రాసింది:

మట్టి చేయి మాకొద్దు
సబ్బు లేక బువ్వొద్దు
తొట్టిలోన చేయి ముంచు
సబ్బు పట్టి నురగ పెంచు
అరచేయీ రుద్దాలా, ఎనక చేయీ రుద్దాలా
ఏళ్ళ సందున రుద్దాలా, గోళ్ళ కింద రుద్దాలా
బొటనవేలు మరిసేవా?
బొజ్జనొప్పి పిలిసేవా?
తొట్టిలోన మళ్ళీ ముంచు
రోగాన్ని దూరం ఉంచు

పాట మొత్తం నిదానంగా పాడితే ఇరవై, ఇరవైయైదు సెకన్లు పడతాది. రుద్దడానికి అంతసేపు కావాలనే ఆమె లెక్కపెట్టి రాసింది. పిల్లోళ్ళకు నెల దినాల్లో పట్టుబడిపోయింది. వాళ్ళమ్మలు రొట్టెలు తట్టేటప్పుడు కూడా పాడతాండారు. సూపర్‌వైజర్ యశోద మేడం అయితే ఆ పాటను మండలం వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద 'రచన: శివలీల, నల్లబండ' అని వేసింది. ఆ ఒక్క వరుసను శివలీల ఎన్నిసార్లు తెరిచి చూసుకునిందో ఆమె ఫోనుకే తెలుసు.

పదకొండు గంటలకు ఫిరోజా వచ్చింది, సంకలో మూడేండ్ల కొడుకు మన్సూర్‌ను ఎత్తుకుని. మూడు దినాలు పెద్దాసుపత్రిలో ఉండి ముందురోజే ఇంటికి వచ్చినారు. పిల్లోని చెంపలు లోపలికి పోయినాయి, మెడ సన్నబడింది. బండి ఎక్కే ముందు ఈ నెల పాలు, గుడ్లు తీసుకుపోదామని వచ్చింది ఆమె.

"ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చినారా?" అనడిగింది శివలీల.

"ఇచ్చినారు. జింకు బిళ్ళలు పద్నాలుగు దినాలు ఆపకుండా ఎయ్యమన్నారు" అనింది ఫిరోజా. ముఖం చూడకుండానే చెప్పింది. నిద్రలేని కండ్లు ఎర్రగా ఉండాయి.

అప్పుడే ఆయా గిడ్డమ్మ అన్నం గిన్నె దించి, "లేయండ్రా, చేతులు కడుక్కోండి" అని కేకేసింది. పిల్లోళ్ళు వాకిట్లో సిమెంటు తొట్టి చుట్టూ మూగినారు. నల్లబండలో కొళాయి నాలుగు దినాలకొకసారి వస్తాది. అందుకే ప్రతి ఇంటి ముందరా ఇట్లాంటి తొట్టి ఒకటి ఉంటాది. కాళ్ళూ చేతులూ అందులోనే కడుక్కుంటారు. నీళ్ళు చిక్కబడితే చెట్టుకు పోస్తారు. ఒక్క చుక్క కూడా వృథా కానియ్యరు. శివలీల పుట్టి పెరిగింది కూడా అట్లాంటి ఇంట్లోనే.

మన్సూర్ తల్లి సంకలోంచి జారి, తొట్టి దగ్గరికి తూలుకుంటా పోయినాడు. అప్పటికే పదిమంది చేతులు మునిగిన నీళ్ళు అవి, బూడిదరంగుకు తిరిగినాయి. పిల్లోడు గొంతు కూడా సరిగా రాకుండానే "తొట్టిలోన చేయి ముంచు" అని పాడుతా మోచేతుల దాకా ముంచినాడు. సబ్బు రుద్దినాడు, వేళ్ళ సందులు రుద్దినాడు, బొటనవేలు కూడా మరవలేదు. అంతా అయినాక మళ్ళీ అదే బూడిద నీళ్ళలో ముంచి తీసి, సంతోషంగా టీచరు దిక్కు చూసినాడు.

శివలీల ఆ బూడిద నీళ్ళ దిక్కే చూసింది. ట్రైనింగులో ఎప్పుడో చెప్పినారు, నీళ్ళు పైనుంచి చేతి మీద పడాలని, ఒకరు ముంచిన నీళ్ళలో ఇంకొకరు ముంచితే ఒకరి రోగం అందరికీ అంటుతాదని. 'ఈ ఊర్లో పైనుంచి పడే నీళ్ళు యాడుండాయిలే' అనుకుని, ఆ మాట పక్కన పెట్టి తొట్టి అని రాసింది. ముంచు, పెంచు అని పలకడానికి కూడా బాగా కుదిరిందని మురిసిపోయింది. ఒక బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే, సబ్బు రుద్దినా కూడా, కడగడానికి ముంచిన చేయే ఆ రోగాన్ని పదిమందికి పంచిపెట్టింది.

ఆమె పరుగెత్తి మన్సూర్ చేతులు పట్టుకుని తొట్టి నుంచి అవతలికి లాగింది. పిల్లోడు బిక్కమొహం పెట్టి ఏడుపు మొదలుపెట్టినాడు.

"ఎందుకు లాగుతావు టీచరా? నువ్వు నేర్పిందే కదా చేస్తాండాడు" అనింది ఫిరోజా. "ఆసుపత్రిలో కూడా ఇదే పాట. బువ్వ పెడితే తొట్టి యాడ, తొట్టి యాడ అని ఏడ్చినాడు."

దాచిపెట్టుకోవడానికి దోవ ఉండాది. ట్యాంకు మీదికి నెట్టేయొచ్చు, ఎండ మీదికి నెట్టేయొచ్చు. శివలీల నోరు అట్లా తిరగలేదు. "పాటలోనే తప్పుండాది ఫిరోజా. తొట్టిలో ముంచమని రాసింది నేనే. వీనికి జబ్బు వచ్చింది నా పాట వల్లనే అనిపిస్తాంది" అనింది.

ఫిరోజా కొడుకు చేతులు కొంగుతో తుడిచింది. "మూడు దినాలు వానికి సెలైన్ ఎక్కిచ్చినారు. నరం దొరక్క నాలుగుచోట్ల పొడిచినారు. నేను ఏ దేవునికి ఏం తప్పు చేసినానో అని ఏడ్చుకుంటాండా అక్కడ" అనింది. అరవలేదు. అరిచినా బాగుండు అనిపించింది శివలీలకు.

"ఇప్పుడు అందరం బండెక్కి పోతాండాం కదా" అని మళ్ళీ ఫిరోజానే అనింది. "ఆడ షెడ్డులో ముప్పై మంది పిల్లోళ్ళకు ఒకటే బకెట్టు. వీళ్ళంతా ఆడికి పోయి ఇదే పాట పాడతారు. ఆ ముప్పై మందికీ నేర్పుతారు."

ఆ మాటతో శివలీల గడియారం చూసింది. పన్నెండు కూడా కాలేదు, అయినా నాలుగు గంటల బండి ముందుకు తోసుకొస్తాన్నట్టే ఉండాది. తొట్టి నీళ్ళు వేపచెట్టుకు పారబోయించి, పిల్లోళ్ళను కూర్చోబెట్టి, పాట బోర్డు మీద రాసి, "చేతి మీద నీళ్ళు పోసుకో" అని పాడించింది. వాళ్ళు ఆ వరుస దాకా వచ్చి పడీపడీ నవ్వినారు, మళ్ళీ ముంచు అనే పాడినారు. "నీళ్ళు పోసి తడుపు" అనింది. అదీ అంతే. పెంచు అనే మాట ముందర ముంచు అనేది వాళ్ళ నాలుక మీద అతుక్కుపోయి ఉండాది. ఎంత మంచిగా కుదిరించినానో అంత కొంపముంచినానే అని తన మీద తనకే కోపం వచ్చింది.

గిడ్డమ్మకు ఈ రాద్ధాంతం ఏమీ పట్టలేదు. ఆకలితో ఏడ్చే మన్సూర్‌ను చూసి, ఒక చెంబు నీళ్ళు తెచ్చి ఫిరోజా చేతిలో పెట్టింది. తను పిల్లోని చేతులు పట్టుకునింది. ఫిరోజా సన్నంగా పోస్తాంది.

"ఇంకొంచెం వంచు మే, నీళ్ళు పడ్లా" అనింది గిడ్డమ్మ.

శివలీల చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. బోర్డు మీద ముంచు అని ఉన్నచోట తుడిచి, మొత్తం వరుస కొత్తగా రాసింది.

అమ్మా, చెంబు కొంచెం వంచు
సబ్బు పట్టి నురగ పెంచు

కింద, తొట్టిలోన మళ్ళీ ముంచు అనేది తీసేసి, 'అమ్మా, చెంబు మళ్ళీ వంచు' అని రాసింది. పాడి వినిపించింది. పిల్లోళ్ళు రెండోసారికే అందుకున్నారు. అమ్మకు పని చెప్పడమంటే వాళ్ళకు భలే కులాసాగా ఉండాది. చెంబు సన్నంగా వంచితే ముగ్గురికి సరిపోయింది. పదకొండు మందికి నాలుగు చెంబులు. ఆ తొట్టికి అయితే ఆరు చెంబులు పడతాయి. నీళ్ళు మిగిల్చుకోవడానికని ఊరంతా తొట్టి పట్టుకుని కూర్చునింది గానీ, మిగిలేది వంచితేనే అని ఎవరూ కొలిచి చూడలేదు, శివలీలతో సహా.

యశోద మేడంకు ఫోను చేసింది. ఆమె అంతా విని, "సరేలే, కొత్త పాట అని పెట్టెయ్. తప్పు గిప్పు అని రాయద్దు, నీ పేరే పాడయిపోతాది" అనింది.

"కొత్త పాట అంటే రెండూ పాడిస్తారు మేడం" అనింది శివలీల. గ్రూపులో కొత్త పాట పాడి, తన గొంతుతోనే చెప్పి పంపింది: "నేను నల్లబండ శివలీల. తొట్టిలో ముంచమని నేను రాసింది తప్పు. మా ఊర్లో ఆరుమంది బిడ్డలకు జబ్బు చేసింది. దయచేసి ఆ పాట ఆపి, ఇది నేర్పండి." చూసినట్టు గుర్తులు ఒకటొకటే వస్తాండాయి, ఎవరూ ఒక్క మాట కూడా రాయలేదు.

ఆమె ఫోను సంచిలో పడేసి, చెంబు పట్టుకుని బయలుదేరింది. బండెక్కే ప్రతి ఇంటికీ పోయింది. మూటలు కట్టేవాళ్ళు విసుక్కున్నారు. "పొద్దున చేనుకు పోతే మాపటికి వస్తాం. మేం లేనప్పుడు చెంబు ఎవరు వంచాల?" అనింది ఒకామె. శివలీల వెనకే వచ్చిన ఫిరోజా చెప్పింది. "పెద్దపిల్ల వంచుతాది. అప్పుడు అక్కా చెంబు కొంచెం వంచు అంటారు. అవ్వ ఉంటే అవ్వ. బిడ్డకు బువ్వ పెట్టే ముందర, దొడ్డికి పోయినాక ముడ్డి కడిగినప్పుడు, మీ చేతుల మీద కూడా ఎవరితోనైనా వంచిచ్చుకోండి. నా కొడుకును చూడండి ఎట్లయినాడో." టీచరు చెప్తే విసుక్కున్న ఆడోళ్ళు, ఫిరోజా చెప్తే మూటలు వదిలి విన్నారు.

ఫిరోజా క్షమించిందా లేదా అనేది శివలీల అడగలేదు. అడిగే మొహం లేదు.

నాలుగున్నరకు బండి వచ్చింది. మూటలు, గిన్నెలు, మేకపిల్ల, ముసలోళ్ళు అందరూ ఎక్కినారు. దోవలో తినమని ఎవరో రొట్టెలు పంచుతాండారు. బండి అంచు దగ్గర కూర్చున్న మన్సూర్‌కు కూడా వాళ్ళవ్వ ఒక ముక్క చాపింది. వాడు తీసుకోలేదు. వాళ్ళమ్మ అవతల దిక్కు మూటలు సర్దుకుంటాంది. వాడు చుట్టూ చూసినాడు. బండి పక్కన నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడిన శివలీల కనిపించింది. రెండు చేతులూ ఆమె దిక్కు చాపి, నీరసం గొంతుతో పాడినాడు.

"టీచరా, చెంబు కొంచెం వంచు."

శివలీల వంచింది.