బ్లాక్ నొక్కిన చెయ్యి

జీఎస్టీ పోర్టల్ కట్టిన పెద్దమనుషులారా, తప్పు మీది! జీడి గింజలు ఒలిచి వేళ్ళు నల్లబడ్డ ఆడవాళ్ళు సొంతంగా కంపెనీ పెట్టుకుంటే, సంతకం కంప్యూటర్లోనే పెట్టాలన్నారు. వాళ్ళు సరే అన్నారు. పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ కొనుక్కోమన్నారు. కొనుక్కున్నారు. తీరా ఆ టోకెన్ గుచ్చితే కనపడలేదని అంటారు. ఎందుకు కనపడలేదో మాత్రం చెప్పరు. చెప్పినా అబద్ధం చెబుతారు.

బమ్మిడి అప్పలనరసమ్మ ఆడిటర్ ఆఫీసు మెట్లెక్కేసరికి రెండు దాటింది. గెడ్డవూరు జీడి ఆడవాళ్ళ కంపెనీకి ఆవిడే డైరెక్టరు. చేతిలో జీఎస్టీ నోటీసు. ఇనస్పెక్టరు చూడ్డానికొచ్చిన రోజు షెడ్డుకి తాళం ఉందట. కాబట్టి ఆ చోట కంపెనీయే లేదట. రిజిస్ట్రేషను సస్పెండ్ చేశారు. వారంగా ఒక్క డబ్బా పప్పు బయటికి వెళ్ళలేదు. ఏడు పనిదినాల్లో జవాబు పెట్టాలి, ఇవాళ్టితో ఆఖరు. నాలుగింటికి ఆఫీసరు ముందు హాజరవ్వాలి. అప్పటికి ఆయన స్క్రీను మీద జవాబు లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అంటే షెడ్డుకి నిజంగానే తాళం.

ఆడిటరు కేసు పని మీద విశాఖపట్నంలో ఉన్నాడు. కుర్చీలో ఉన్నది ఆయన గుమస్తా తేజేశ్వరరావు, నలభయ్యేళ్ళ మనిషి. జవాబు టైపు చేశాడు. షెడ్డు ఫొటోలు, కరెంటు బిల్లు ఎక్కించాడు. సంతకం ఒక్కటే మిగిలింది.

"పిన్నీ, నీ టోకెన్ ఇలాగియ్యి."

ఆవిడ జాకెట్లోంచి తీసి ఇచ్చింది. అతను గుచ్చాడు. సంతకం పెట్టే బటన్ నొక్కగానే స్క్రీను పైమూల చిన్న డబ్బా ఒకటి లేచింది. ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది. కింద రెండు బటన్లు.

"ఏటది తేజా?"

"ఈ సైటు మన లోకల్ నెట్‌వర్కులో ఉన్న మిషన్లని వెతుక్కుంటాదట. సరేనా అని అడుగుతోంది."

"మన మిషన్లతో దానికేం పని? వొద్దను! ఫోను ఎత్తితే చాలు పోలీసులు అదే మొత్తుకుంటున్నారు కదా, ఎవడేది అడిగినా ఒప్పుకోవద్దని. మా షెడ్డులో కుసుమ ఒకసారి ఒప్పుకుని బ్యాంకు ఖాతా ఊడ్పించుకుంది."

"నిజమే," అన్నాడతను. అతని చెయ్యి అప్పటికే 'బ్లాక్' మీద ఉంది. నొక్కేశాడు. డబ్బా మాయమైంది.

ఆ వెంటనే ఎర్ర అక్షరాలు వచ్చాయి. 'సంతకం సాఫ్టువేరుతో కనెక్షను కుదరలేదు. దాన్ని మూసి మళ్ళీ తెరవండి.'

మూసి తెరిచాడు. అవే ఎర్ర అక్షరాలు.

టోకెన్ లాగి వెనకవైపు గుచ్చాడు. ఊది గుచ్చాడు. పోర్టల్ నుంచి బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళాడు. అడ్మినిస్ట్రేటరుగా తెరిచాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. అది లేచేసరికి రెండూ నలభై అయింది. నరసమ్మ కూర్చోలేదు, గోడ గడియారం కింద నిలబడిపోయింది.

"మొన్న వేరే కాయితానికి ఇదే కంప్యూటర్లో సంతకం పెట్టేను కదా?"

"పెట్టేవు. నిన్నే ఈ బ్రౌజరు దానంతటది కొత్తదైపోయింది."

"అది కొత్తదైతే నేను పాతబడిపోయేనా?"

తేజేశ్వరరావుకి నవ్వు రాలేదు. ఆడిటరుకి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"టోకెనే పోయుంటుందయ్యా," అన్నాడు ఆడిటరు. "కొత్తది తీసుకోవాలి, రెండు రోజులు. ఈలోపు రద్దైతే అవనీ. తర్వాత పునరుద్ధరణకి అర్జీ పెడదాం."

"ఆ అర్జీ ఎన్నాళ్ళు బాబూ?" అంది నరసమ్మ.

"నెల, నెలన్నర. ఆఫీసరు ఇష్టం."

"నెలన్నర షెడ్డులో అరవైమంది గోళ్ళు గిల్లుకోవాలేటి? మీ ఫీజు మాత్రం నెలన్నర ఆగదు కదా."

"నరసమ్మగారూ, చట్టం నేను రాయలేదు."

"టోకెన్ పోయిందని చూడకుండా ఎలాగ చెప్పేరు? అది చెప్పండి ముందు."

ఆడిటరు గొంతు తగ్గించాడు. "తేజా, టోకెనుతో వచ్చిన దాని సొంత సాఫ్టువేరు తెరిచి చూడు. సర్టిఫికెట్ అందులో కనపడుతోందా?"

తెరిచాడు. వరసలో ఒకే పేరు. బమ్మిడి అప్పలనరసమ్మ. గడువు ఇంకా ఏడాది ఉంది. నరసమ్మ పిన్ చెవిలో చెప్పింది. మొదటిసారికే తీసుకుంది.

"బాగానే ఉంది సార్."

"అయితే నాకు తెలీదయ్యా. లోపల పిలుస్తున్నారు," అని ఆడిటరు పెట్టేశాడు.

మూడూ పది. తేజేశ్వరరావు తల పట్టుకున్నాడు. సంతకం సాఫ్టువేరు మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కిస్తానన్నాడు. అరగంట పడుతుందట.

"ఆగు," అంది నరసమ్మ. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "నాకు ముక్క ముక్కగా చెప్పు. టోకెన్ మంచిదేనా?"

"మంచిదే."

"కంప్యూటర్ దాన్ని చూసిందా?"

"చూసింది. నీ పేరు చూపించింది కదా."

"సంతకం సాఫ్టువేరు లేచుందా?"

"కిందని బొమ్మ వెలుగుతోంది చూడు."

"మరి ఎవరు చూడలేదు?"

"పోర్టల్ పేజీ. అది బ్రౌజర్లోంచి ఈ సాఫ్టువేరుని పిలవాలి. సాఫ్టువేరు టోకెన్ని పిలవాలి. ఆ మొదటి పిలుపే అందట్లేదు."

"సాఫ్టువేరు ఉన్నదెక్కడ? హైదరాబాద్‌లోనా?"

"కాదు పిన్నీ, ఇందులోనే. మన కంప్యూటర్లోనే. పోర్టల్ బయటినుంచి వచ్చి మన లోపలున్న..."

అతని కళ్ళు ఇందాక డబ్బా లేచిన పైమూలకి వెళ్ళాయి.

నరసమ్మ కూడా అటే చూసింది. "ఒరే తేజా. ఇందాక ఆ డబ్బా. మన మిషన్లు వెతుక్కుంటానని అడిగినది..."

"పోర్టలే అడిగింది పిన్నీ! నీ టోకెను కోసమే!"

"గుమ్మం దగ్గర నిలబడి అడిగిన మనిషిని మనమే పొమ్మన్నాం. నేనే అనమన్నాను." ఆవిడ చేతిలో నోటీసు నలిగిపోయింది. "పొమ్మన్నారు కాబట్టి రాలేదని రాయడానికి దానికేటి రోగం? మూసి తెరవండట!"

తిడుతూ కూర్చునే టైము కాదు. అడ్రసుకి ఎడమవైపున్న చిన్న బొమ్మ మీద నొక్కాడు తేజేశ్వరరావు. అనుమతుల వరసలో లోకల్ నెట్‌వర్క్ ఎదురుగా 'బ్లాక్' అని ఉంది. పైన అడ్రసు అక్షరం అక్షరం చదివించింది నరసమ్మ, అది సర్కారు సైటేనా కాదా అని. సర్కారుదే. అప్పుడు 'అలవ్' నొక్కమంది. పేజీ మళ్ళీ తెరిచాడు. దాచిన జవాబు అలాగే ఉంది. సంతకం బటన్ నొక్కాడు.

గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది.

సర్టిఫికెట్ల డబ్బా తెరుచుకుంది. ఆవిడ పేరు. పిన్ ఈసారి ఆవిడే ఒక్కో అంకె వెతుక్కుని కొట్టింది. మూడూ ముప్పైనాలుగుకి జవాబు అందినట్టు నంబరు వచ్చింది.

"ప్రింటు తియ్యి. ఆటో ఎక్కు. నువ్వూ రా."

నాలుగింటికి రెండు నిమిషాల ముందు ఆఫీసరు గదిలో ఉన్నారు. ఆయన స్క్రీను చూశాడు, జవాబు ఉంది. అయినా ఫైలు పక్కకి జరిపాడు.

"ఆఖరి గంటలో పెట్టారేంటమ్మా? సరే, వచ్చింది కదా. వచ్చే వారం చూస్తాను. అందాకా సస్పెన్షన్ అలాగే ఉంటుంది. మరి ఆ రోజు తాళం ఎందుకుంది?"

"మాతో గింజలు కాల్చే ముసలమ్మ చచ్చిపోతే పాడె మొయ్యడానికెళ్ళేం. మీ మనిషి ఇరుగుపొరుగుని ఒక్కరినైనా అడిగేడా? అడిగినట్టు మీ కాయితంలో ఎక్కడుందో చూపించండి."

ఆఫీసరు కాగితం తిరగేశాడు. లేదు.

"గట్టిగా మాట్లాడితే పని అవుతుందనుకుంటున్నారా?"

"మెల్లగా మాట్లాడి వారం పోగొట్టుకున్నాం బాబూ. షెడ్డులో అరవైమంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. కట్టిన డబ్బాలు కట్టినట్టే ఉన్నాయి. వచ్చే వారం కాదు. కింద ఆటో ఉంది. ఇనస్పెక్టరుని ఇప్పుడే ఎక్కించండి. తలుపులు తీసున్నాయి, లోపలికొచ్చి మమ్మల్ని లెక్కపెట్టుకోమనండి. చూసొచ్చి చెప్పేక, పొద్దు గుంకేలోపు సస్పెన్షన్ ఎత్తేసినట్టు మీ సంతకం పెట్టండి. నా సంతకం నేను పెట్టేను. ఇక మీది పెట్టండి!"