నలభై మూడో పేరు దాకా

బిస్కెట్ల డబ్బా మూత ఎవరు తీశారో వేలిముద్రలు చూసి చెబుతానని ఏడేళ్ల వయసులో వంటింటినిండా పిండి చల్లినవాడు అతను. ఆ రోజు పిన్ని అతనికి పత్తేదారు అని పేరు పెట్టింది. ముప్పై రెండేళ్లు వచ్చినా ఆ పేరూ పోలేదు, ఆ బుద్ధీ పోలేదు. డయాలిసిస్ కేంద్రం ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం అతనిది. ఎక్కడ ఏది చెడినా అతని నోట వచ్చే మొదటి మాట "ఎవరు ముట్టుకున్నారు?" అనే. ఆ ఉద్యోగం ఖాళీ అయిందని చెప్పి అతన్ని పిలిపించింది కూడా పిన్నే. ఆమె అదే ఆఫీసులో బుకింగ్ కిటికీ దగ్గర పందొమ్మిదేళ్లుగా కూర్చుంటోంది.

అక్కడ పని ఇలా నడుస్తుంది. నడవలేని రోగుల్ని కేంద్రం వాళ్ల వ్యాన్లే ఇంటి నుంచి తెచ్చి, రక్తం శుద్ధి అయ్యాక మళ్లీ ఇంట్లో దింపుతాయి. మర్నాడు ఎవరెవరు రావాలో ఆ జాబితాను పిన్ని సాయంత్రం నాలుగు దాటాక ఒక మీట నొక్కి పంపుతుంది. బుకింగ్ ప్రోగ్రాము ఆ పేర్లను ఒక ఫైలుగా సర్వర్లోని ఫోల్డరులో రాస్తుంది. పత్తేదారు రాసిన ప్రోగ్రాము ఐదేసి నిమిషాలకోసారి లేచి ఆ ఫోల్డరులోకి తొంగి చూస్తుంది. ఫైలు కనబడితే చదివి, దాన్ని 'అయిపోయినవి' అనే ఫోల్డరులోకి జరిపి, డ్రైవర్లకు షీట్లు తయారుచేస్తుంది. నాలుగేళ్లుగా ఒక్క పేరు కూడా తప్పిపోలేదని అతను అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేవాడు.

ఒక బుధవారం పొద్దున ఏడింటికి ఆఫీసు ఫోన్లు ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టాయి. వ్యాను రాలేదని ఒకరు, గంట నుంచి గుమ్మంలో కూర్చున్నామని ఇంకొకరు. ఎనభై ఒక్క మంది రావాల్సిన రోజున షీట్ల మీద నలభై మూడు పేర్లే ఉన్నాయి. మిగతా ముప్పై ఎనిమిది మంది కోసం ఉన్న వ్యాన్లతోనే పరుగులు పెట్టారు. అందరికన్నా ఆలస్యంగా వచ్చిన రోగి, ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఊపిరాడక ఆయన్ని రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. ఆయన బతికి బయటపడ్డాడు గానీ, ఆ రెండు రోజులూ ఆఫీసులో ఎవరి గొంతులోనూ ముద్ద దిగలేదు.

వ్యాన్ల పెద్ద డ్రైవరు కూడా రుసరుసలాడుతూ వచ్చాడు. "బాబూ, నా షీటులో ఆఖరి పేరుకి ఒకటో నంబరు ఇల్లని వేశారు. తలుపు కొడితే ఎవరో కొత్తవాళ్లు తిట్టి పంపారు. ఆవిడది పదిహేడో నంబరు. పదిహేడు కాస్తా ఒకటెట్లా అయింది?"

"రాసినవాళ్లని అడగాలి," అన్నాడు పత్తేదారు, బుకింగ్ కిటికీ వైపు చూస్తూ.

అతను ఆరా తీశాడు. తన ప్రోగ్రాము రాసుకున్న చిట్టాలో స్పష్టంగా ఉంది: నాలుగూ ఐదుకి ఫైలు చదివాను, పేర్లు నలభై మూడు. 'అయిపోయినవి' ఫోల్డరు తెరిచి అదే ఫైలు చూశాడు. అందులో ఎనభై ఒక్క పేర్లున్నాయి. పదిహేడో నంబరు కూడా సరిగ్గానే ఉంది. ఫైలు చివరిసారి మారిన సమయం నాలుగూ ఆరు. అంటే షీట్లు తయారైన నిమిషానికి ఎవరో ఆ ఫైలును ముట్టుకున్నారు. ముప్పై ఎనిమిది పేర్లు తర్వాత చేర్చారు.

ఆ ఫోల్డరు తెరవగలిగేది ఇద్దరే. ఒకడు తను. రెండో మనిషి పిన్ని. పాత షీట్లు మళ్లీ తీసుకోవాల్సి వస్తుందని పోయినేడు ఆ అనుమతి ఆమెకిచ్చింది అతనే.

అతను పైకి మామూలుగా వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు.

"పిన్నీ, మంగళవారం జాబితా ఎన్నిసార్లు పంపావు?"

"ఒక్కసారే నొక్కాను. ఎందుకురా?"

"తర్వాత ఏమైనా చేర్చావా? ఫర్వాలేదు, చెప్పు."

"ఏం చేరుస్తాను? నొక్కాను, అయిపోయింది." ఆమె ఒక్క క్షణం ఆగింది. "నొక్కాననే అనుకుంటున్నా."

ఆ తడబాటు అతని చెవిలో పడింది. ముందు సగమే పంపి, నాలిక్కరుచుకుని, మిగతావి గుట్టుగా అతికించి ఉంటుంది. ఇప్పుడు తన చెవిలో పువ్వు పెడుతోంది. పందొమ్మిదేళ్ల మంచిపేరు పోతుందంటే ఎవరైనా అంతే చేస్తారని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకున్నా కోపం తగ్గలేదు. వేరే ఎవరో అయితే ఇంత మంట ఉండేది కాదు.

ఆ రోజు నుంచి అతని కళ్లు ఆమె మీదే. ఆమె సొరుగులో కొత్తగా ఒక చిన్న నోటుపుస్తకం కనబడింది. రోజూ అందులో ఏదో రాసి వెంటనే మూసేస్తోంది. ఆమె నీళ్లకు లేచినప్పుడు తెరిచి చూశాడు. 'నాలుగూ రెండు. నొక్కాను.' 'నాలుగూ ఒకటి. నొక్కాను.' పేజీ పొడుగునా అవే. అబ్బో, సాక్ష్యాలు పోగుచేసుకుంటోంది అనుకున్నాడు. ఇంట్లో కూడా అంతే. పిన్నీ అతనూ ఉండేది పక్కపక్క వాటాల్లోనే. గ్యాసు కట్టేశానో లేదో చూడమని ఆమె రోజుకు రెండుసార్లు అడుగుతుంటే, మాట మార్చడానికని అనుకున్నాడు.

తొమ్మిది రోజులు జాబితా నిక్షేపంగా వచ్చింది. పదో రోజు మళ్లీ సగమే. ఈసారి అందరూ జాగ్రత్తగా ఉన్నారు కాబట్టి సాయంత్రమే పట్టుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫైలు చూస్తే మళ్లీ అదే తంతు. లోపల పేర్లన్నీ ఉన్నాయి. సమయం మాత్రం షీట్ల తర్వాతది.

మేనేజరమ్మ అతన్ని పిలిచింది. "మీ ప్రోగ్రాములో లోపమా, మనిషిలో లోపమా? శుక్రవారం మధ్యాహ్నానికల్లా రాసివ్వండి. మనిషిదైతే ఆవిణ్ని ఆ కుర్చీలోంచి తీసెయ్యక తప్పదు. మొహమాటపడకండి."

అతను మొహమాటపడలేదు. 'షీట్లు తయారైన తరువాత ఫైలులో పేర్లు చేర్చబడ్డాయి. నా ప్రోగ్రాము ఫైలులో మార్పులు చేయదు' అని రెండే వాక్యాలు రాసిచ్చాడు. ఒక్క అబద్ధం కూడా లేదు కదా అనుకుని చేతులు దులుపుకున్నాడు.

అదే సాయంత్రం, అడ్డంగా పట్టుకోవాలనే పట్టుదలతో, లాప్‌టాప్ తీసుకుని పిన్ని పక్కన కుర్చీ లాక్కున్నాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేనేజరమ్మ ఆ కాగితం చూపించే ఉంటుంది.

సరిగ్గా నాలుగింటికి ఫోను మోగింది. ఎవరో పెద్దావిడ రేపటి వేళ మార్చమంటోంది. మూడు నిమిషాలు మాట్లాడాక పిన్ని ఫోను పెట్టి మీట నొక్కింది. తెర మీద పచ్చగీత పాకడం మొదలైంది. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకా అవలేదేం?" అన్నాడు అతను.

"ఈ మధ్య ఇంతే. అవతలి కేంద్రం వాళ్లని మనలో కలిపాక ఒక్కో పేరుకీ చిరునామా, ఫోనూ ఆసుపత్రి కంప్యూటర్ని అడిగి మరీ రాస్తోందట. రెండున్నర నిమిషాల పైనే పడుతుంది. ముందు ముప్పై పేర్లు చిటికెలో అయిపోయేవి."

అతను లాప్‌టాప్ వైపు తల తిప్పాడు. నాలుగూ ఐదు. అతని ప్రోగ్రాము లేచింది. చిట్టాలో కొత్త వరుస పడింది: ఫైలు చదివాను, పేర్లు నలభై ఏడు. షీట్లు తయారు.

పిన్ని తెర మీద పచ్చగీత ఇంకా సగం దాటి కొంచెమే వెళ్లింది.

అతను 'అయిపోయినవి' తెరిచి, జరిగిపోయిన ఫైలులో పేర్లు లెక్కపెట్టాడు. యాభై మూడు. కాసేపాగి మళ్లీ చూశాడు. అరవై. ఎవరూ ఏమీ ముట్టుకోవడం లేదు. పిన్ని చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మూసెయ్యని ఫైలును పక్కకు జరిపినా, రాస్తున్న ప్రోగ్రాము దాన్ని వదిలిపెట్టదు. ఏ ఫోల్డరుకి వెళ్లినా వెంట వెళ్లి రాసుకుంటూనే ఉంటుంది. గుప్పెడు గుప్పెడుగా రాస్తుంది కాబట్టి ఆ గుప్పెడు ఎక్కడ తెగితే అక్కడే ఆఖరి వరుస ఆగిపోతుంది. పదిహేడో నంబరు ఇంటి అంకెల్లో ఒకటి ముందు గుప్పెట్లో, ఏడు తర్వాతి గుప్పెట్లో పడింది. మీట నాలుగు కొట్టగానే నొక్కిన రోజున తన ప్రోగ్రాము లేచేసరికి రాయడం అయిపోతుంది. ఫోను వచ్చి మూడు నాలుగు నిమిషాలు ఆలస్యమైన రోజున సగంలో దొరుకుతుంది. ఫైలు కనబడితే చాలు, అది పూర్తయిందని నమ్మిన ప్రోగ్రాము అతనిది. మనుషులందర్నీ అనుమానించేవాడు ఆ ఒక్కదాన్నీ అనుమానించలేదు.

పచ్చగీత చివరికి చేరింది. ఎనభై నాలుగు పేర్లు. అతను సగం షీట్లు ఆపి, పూర్తి ఫైలుతో మళ్లీ తీయించి, పెద్ద డ్రైవరుకి ఫోను చేసి, ఒక్క అంగలో మేనేజరమ్మ గదిలో ఉన్నాడు.

"తప్పు నాది మేడమ్. ఆ కాగితం వెనక్కివ్వండి. రాయడం పూర్తవకముందే నా ప్రోగ్రాము చదివేస్తోంది. ఇకమీదట ఫైలును వేరే పేరుతో రాయించి, అంతా అయ్యాకే అసలు పేరు పెట్టిస్తాను. చివర పేర్ల లెక్క కూడా ఉంటుంది. లెక్క కలవకపోతే నాది ముట్టుకోదు."

మేనేజరమ్మ అంతా రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత సొరుగులోంచి అతని కాగితంతో పాటు ఇంకొకటి తీసింది. "ఇది మీ పిన్నిగారు భోజనాల వేళ ఇచ్చారు. ఇదీ మీరే తిరిగివ్వండి."

అది పిన్ని చేతిరాత. తనకు మతిమరుపు మొదలైందనీ, రోగుల ప్రాణాలతో పని కాబట్టి తనను ఈ రోజు నుంచే తప్పించమనీ ఉంది.

అతను కిటికీ దగ్గరికి వచ్చి ఆ కాగితం ఆమె ముందు పెట్టి జరిగింది చెప్పాడు. ఆమె చివరిదాకా విని అడిగింది.

"అయితే నేను మర్చిపోలేదన్నమాట."

"లేదు పిన్నీ. ఒక్క రోజు కూడా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "మీ అమ్మమ్మకి మొదలైంది నా వయసులోనేరా. చివరికి నన్ను కూడా ఎవరు నువ్వు అనేది, నీకు తెలుసుగా. నొక్కానో లేదో నమ్మకం లేక పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టా. నువ్వు రాసిచ్చిన కాగితం చూశాక ఇంక సందేహమే లేకపోయింది. మా పత్తేదారు నా మీద ఊరికే రాయడు కదా, నేనే చేర్చి, చేర్చిన సంగతే మర్చిపోయుంటాననుకున్నా."

ఆమె కళ్లు తుడుచుకుని, కాస్త నవ్వి, అతని చెయ్యి పట్టుకుంది.

"నువ్వూ అదే అనుకున్నావు కదూ? అమ్మమ్మ జబ్బే నాకూ వచ్చిందని భయపడ్డావు."

అవునంటే సరిపోయేది. ఆమె ఆ మాట కోసమే చూస్తోంది. కానీ ఇన్నాళ్లూ ఆమెను ఒక నిజం చెప్పమని వేధించినవాడికి అబద్ధం నోట రాలేదు.

"కాదు పిన్నీ. నువ్వు అబద్ధమాడుతున్నావనుకున్నాను."

ఆమె చెయ్యి మెల్లగా వదిలేసింది. కంప్యూటరు ఆపింది, కుర్చీ లోపలికి జరిపింది, సంచి భుజాన వేసుకుంది. రోజూ అతని బండి మీదే ఇంటికి వచ్చే మనిషి, ఆ సాయంత్రం గేటు దగ్గర అతను బండి స్టార్ట్ చేసుకుని నిలబడి ఉండగానే, పక్కనుంచి నడిచి వెళ్లి బస్సెక్కింది.